ఆళ్వారు తల్లి, అన్నమయ్య చెలికత్తె: విరహాన్ని పోల్చడం ఎలా?

ప్రశ్న: తిరుపతిలో ఎం.ఏ. తులనాత్మక సాహిత్యం చదువుతున్నాను. 'దైవం కోసం తపించే భాష' మీద ఇరవై పేజీల పత్రం రాయాలి. అన్నమయ్య, నమ్మాళ్వార్, ఆండాళ్, మీరా, రూమీ, స్పెయిన్ కవి సంత్ జాన్ ఆఫ్ ది క్రాస్, ఆరుగురినీ తీసుకున్నాను. అందరూ విరహంతో వేగిపోయారు, అందరికీ దేవుడే ప్రియుడు అని రాస్తూ పోతుంటే, "ఇది పోలిక కాదు, జాబితా" అని మా గైడ్ తిప్పి పంపారు. తమిళం ఇంట్లో మాట్లాడతాను గానీ పాత తమిళం చదవడం అంతంతమాత్రం. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: ముందు ఆరుగురిలో నలుగురిని పక్కన పెట్టండి. మిగిలేది నమ్మాళ్వార్, అన్నమయ్య. ఊరి మీది అభిమానంతో ఈ మాట చెప్పడం లేదు. ఈ ఇద్దరి మధ్య చారిత్రకంగా సంబంధం ఉందని అనుకోవడానికి ఆధారం ఉంది. ఇద్దరి మూల పాఠాలూ మీ చేతికి అందుతాయి. ఇద్దరూ పురుషులై ఉండి స్త్రీల గొంతుతో మాట్లాడారు. రూమీని మీరు ఇంగ్లీషు అనువాదాల్లోనే చదువుతారు. పారసీకంలో 'అతడు', 'ఆమె' అని వేరు వేరు సర్వనామాలు లేవు కాబట్టి ప్రియుడా ప్రియురాలా అన్నది చాలాచోట్ల అనువాదకుడి నిర్ణయం. విరహంలో ఎవరు ఎవరన్నదే మీ విషయమైనప్పుడు ఆ నిర్ణయాన్ని ఆధారంగా పెట్టుకోలేరు. మీరా పేరున్న పదాల్లో చాలావాటికి పాత రాతప్రతుల ఆధారం దొరకదు. ఆండాళ్ సంగతి వేరు: ఆమె స్త్రీ గొంతును అరువు తెచ్చుకోలేదు, అది ఆమె సొంత గొంతు. ఆమెను నమ్మాళ్వార్ పక్కన ఒకే గాటన కడితే మీ వర్గీకరణ మొదటి పేజీలోనే కూలిపోతుంది. స్పెయిన్ కవిని మాత్రం చివర్లో ఒక పేజీకి పిలవచ్చు. ఎందుకో అక్కడే చెబుతాను.

మీ గైడ్ 'జాబితా' అనడానికి కారణం కవుల సంఖ్య ఒక్కటే కాదు. 'దేవుణ్ని ప్రియుడిగా భావించి విరహంతో తపించాడు' అన్న వాక్యంలో నమ్మాళ్వార్ పేరు తీసి మీరా పేరు పెట్టండి. వాక్యం అప్పుడూ నిజమే. రూమీ పేరు పెట్టినా నిజమే. పేరు మార్చినా చెక్కుచెదరని వాక్యం ఏ కవి గురించీ ఏమీ చెప్పనట్టే. మీ చిత్తుప్రతిలో ప్రతి వాక్యానికీ ఈ పరీక్ష పెట్టి, నెగ్గనివాటిని కొట్టేయండి. సగం పత్రం ఎగిరిపోవచ్చు, పోనివ్వండి.

భావాన్ని పోల్చడం మానేసి మాట్లాడే సందర్భాన్ని పోల్చండి. విరహం ఎంత గాఢమో కొలవడానికి మన దగ్గర కొలబద్ద లేదు. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, ఎవరి గురించి, ఆ మాట దేవుడు వింటున్నాడా అన్నవి మాత్రం పాఠంలోనే కనిపిస్తాయి, వేలు పెట్టి చూపించవచ్చు. ఒక పెద్ద కాగితం మీద ప్రతి పాశురానికీ ప్రతి చరణానికీ ఒక వరుస గీసి, ఏడు గడులు పెట్టుకోండి: వక్త, శ్రోత, ఎవరి గురించి, దేవుణ్ని నేరుగా పిలిచారా, దేవుడి పేరు ఎక్కడ వచ్చింది, దేహంలో కనిపించే గుర్తు ఏమిటి, నాయిక సొంత మాట వినిపించిందా. మొదటి వారమంతా ఈ గడులు నింపడమే పని. ఆ వారంలో వ్యాఖ్యానాలు ముట్టుకోవద్దు, కారణం తర్వాత వస్తుంది.

నమ్మాళ్వార్ తిరువాయ్మొళిలో 1102 పాశురాలు, నూరు దశకాలు. సాధారణంగా ఒక్కో దశకంలో పదకొండు పాశురాలు ఉంటాయి. పదకొండోది ఫలశ్రుతి, అందులో కవి తన పేరు కురుకూరు శఠకోపుడు అని చెప్పుకుంటాడు. సంప్రదాయ లెక్క ప్రకారం 27 దశకాలు స్త్రీల గొంతులో ఉన్నాయి: 17 నాయికవి, 7 తల్లివి, 3 చెలికత్తెవి. 27నీ ఎత్తుకోకండి. ఇరవై పేజీలకు మూడు చాలు, ఒక్కో గొంతుకు ఒక్కటి: తల్లికి 7.2, అంటే ఏడో పదిలోని రెండో దశకం, చెలికత్తెకు 4.6, నాయికకు 2.1. ఈ రెండో పదిలోని మొదటి దశకంలో ఆమె కొంగను, అలలను, చీకటిని చూసి 'మీరూ నాలాగే ఆయనకు మనసిచ్చి పోగొట్టుకున్నారా' అన్నట్టు పలకరిస్తుంది.

అన్నమయ్య (1408–1503) దగ్గర చిక్కు వేరే రకం. సంప్రదాయం 32 వేల సంకీర్తనలంటుంది, రాగిరేకుల మీద మనకు దక్కినవి సుమారు 14 వేలు. ఇందులోంచి కచేరీల్లో వినిపించే పదీ పదిహేను పాటలు ఏరుకుంటే మీ నమూనా అన్నమయ్యది కాదు, గాయకులది అవుతుంది. వాళ్లు పాడటానికి వీలైనవి ఎంచుకుంటారు, చరణాలు వదిలేస్తారు, రేకు మీద ఉన్న రాగం పక్కన పెట్టి కొత్త బాణీ కడతారు. అందుకని దేవస్థానం ప్రచురించిన శృంగార సంకీర్తనల సంపుటాల్లో ఒకటి తీసుకుని, ఎక్కడో ఒక రేకు దగ్గర వేలు పెట్టి, వరుసగా పన్నెండు పాటలు తీసుకోండి. బాగున్నా బాగోలేకున్నా ఆ పన్నెండే. ఆ సంపుటం అన్నమయ్యదేనా, ఆయన కొడుకు పెదతిరుమలాచార్యులదా, మనవడు చినతిరుమలాచార్యులదా అన్నది ముఖపత్రం మీదే చూసుకోండి. రేకుల్లో ముగ్గురివీ ఉన్నాయి, అన్నీ వేంకటేశ్వర ముద్రతోనే ముగుస్తాయి, కాబట్టి పాట చూసి పోల్చుకోవడం కష్టం. ఇంకో సంగతి: 'అధ్యాత్మ', 'శృంగార' అన్న విభజన రేకుల మీద ఉన్నదే. దాన్ని ఆధారంగా చేసుకుని 'అధ్యాత్మలో భక్తి, శృంగారంలో ప్రేమ' అని సిద్ధాంతం అల్లకండి. అది పాటల్ని సర్దిపెట్టుకున్న పద్ధతి.

వరుసగా తీసిన పన్నెండుకు తోడు, గడులు నింపే చేయి కుదరడానికి ఒక ప్రసిద్ధమైన పాట పెట్టుకోవచ్చు. ఇక్కడ 'ఏమొకో చిగురుటధరమున' తీసుకుని, పక్కన తిరువాయ్మొళి 7.2 పెట్టి చూద్దాం. రెండింటిలోనూ మాట్లాడేది నాయిక కాదు, ఆమెను చూస్తున్న మరొకరు. ఇద్దరు వక్తలూ ఆమె దేహాన్నే చదువుతున్నారు. పోలికకు ఇంత గట్టి ఉమ్మడి నేల ఉన్నప్పుడే తేడాలకు అర్థం ఉంటుంది.

ముందు ఆళ్వారు. తల్లి నేరుగా శ్రీరంగనాథుడితో మాట్లాడుతోంది. 'కంగులుం పగలుం కణ్ తుయిలఱియాళ్, కణ్ణనీర్ కైగళాల్ ఇఱైక్కుం': రాత్రీ పగలూ కంటికి నిద్ర ఎరుగదు, కన్నీటిని చేతులతో తోడి పోస్తుంది. శంఖం, చక్రం అంటూ చేతులు జోడిస్తుంది. తామరకన్నులు అంటూనే సొమ్మసిల్లుతుంది. నిన్ను విడిచి ఎలా తాళను అంటుంది. చేతులతో నేలను తడుముతూ కూర్చుంటుంది. ఎర్రచేపలు గెంతే నీళ్ల తిరువరంగంలో ఉన్నవాడా, ఈమె విషయంలో 'ఎన్ శెయ్గిన్ఱాయే', ఏం చేస్తున్నావయ్యా?

గడులు నింపండి. వక్త తల్లి. శ్రోత దేవుడు. నేరుగా పిలుపు ఉంది. పేరు, ఊరితో సహా, మొదటి పాశురంలోనే వచ్చేసింది. దేహంలో గుర్తులన్నీ లేమివి: నిద్ర లేదు, ఒంట్లో బలం లేదు. నాయిక మాట వినిపిస్తోంది గానీ తల్లి నోటి ద్వారా, 'అంటుంది' అన్న క్రియతో.

ఇప్పుడు రెండో పాశురానికి వెళ్లండి. తిరువాయ్మొళి మొత్తం అంతాదిలో ఉంది: ఒక పాశురం ముగిసిన మాటతో తర్వాతి పాశురం మొదలవుతుంది. మొదటి పాశురం తల్లి ప్రశ్నతో ముగిసింది, 'ఎన్ శెయ్గిన్ఱాయే'. రెండోది 'ఎన్ శెయ్గిన్ఱాయ్ ఎన్ తామరైక్కణ్ణా ఎన్నుం' అని మొదలవుతుంది: 'ఏం చేస్తున్నావు నా తామరకన్నులవాడా, అంటుంది'. అదే ప్రశ్న. కానీ ఇప్పుడు అడుగుతున్నది కూతురు. ఛందస్సు నియమం తల్లి నోట్లోంచి ఫిర్యాదు తీసి కూతురి నోట్లో పెట్టింది. 'తిరువరంగత్తాయ్' అన్న పిలుపు కూడా అలాగే చేతులు మారుతుంది. మొదటి పాశురంలో తల్లి పిలిచింది, రెండోదానిలో కూతురు పిలిచినట్టు తల్లి చెబుతోంది. మీ పత్రంలో ఒక పేజీ పూర్తిగా ఈ ఒక్క మలుపుకే ఇవ్వండి. 'విరహం గాఢంగా ఉంది' అని పది వాక్యాలు రాసినా చెప్పలేని సంగతి ఇది. బయట నిలబడి చూస్తున్నదెవరు, లోపల వేగుతున్నదెవరు అన్న గీత పద్యం నిర్మాణంలోనే చెరిగిపోతోంది.

విద్యార్థులు ఎక్కువగా బోల్తాపడేదీ ఈ దశకం దగ్గరే. మొదటి పాశురం ఎంతో ప్రసిద్ధం కాబట్టి దాన్ని ఉదహరించి, నమ్మాళ్వార్‌ది ఎడబాటు కవిత్వం అని తేల్చేస్తారు. పదో పాశురం దాకా చదవరు. అక్కడ తల్లి అంటుంది: అడుగులు చేరనిదానిలా ఉన్న ఈమె దగ్గరై, మేఘవర్ణుడి అడుగులను చేరింది, 'అణుగి అడైందనళ్ ముగిల్‌వణ్ణన్ అడియే'. ఎడబాటుగా మొదలైనది కలయికలో ముగిసింది. వెంటనే పదకొండోదానిలో ముగిల్‌వణ్ణన్ అడియై అడైన్దు బతికినవాడు శఠకోపుడు అని కవి సొంత పేరుతో వస్తాడు. పదో పాశురంలో కూతురికి చెప్పిన క్రియే పదకొండోదానిలో కవికి పడింది. స్త్రీ గొంతు వేషం అక్కడ తీసేశాడు. ఒక్క పాశురం ఉదహరించి దశకం మీద తీర్పు చెప్పకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఇక అన్నమయ్య.

ఏమొకో చిగురుటధరమున యెడనెడ కస్తూరి నిండెను
భామిని విభునకు వ్రాసిన పత్రిక కాదు కదా

వక్త చెలికత్తె. శ్రోతలు తోటి చెలులు. 'చింతింపరె చెలులు', 'కనుగొనరె చెలులు', 'ఊహింపరె చెలులు' అని చరణానికొక్కసారి వాళ్లనే పిలుస్తుంది. దేవుణ్ని పిలవదు, ఆయన అక్కడ లేడు. నాయిక నోరు విప్పదు, 'అంటుంది' అన్న క్రియ ఒక్కసారి కూడా రాదు. ఆళ్వారు తల్లి దేవుణ్ని నిలదీస్తుంటే, ఇక్కడ చెలికత్తె దేవుడి చెవిన పడకుండా చెలులతో పొడుపుకథ విప్పిస్తోంది. రెండు ప్రశ్నల తీరూ వేరు. 'ఏం చేస్తున్నావు' అనేది జవాబు కావాలని అడిగిన ప్రశ్న. 'కాదు కదా' అనేది జవాబు తెలిసి అడిగినది. ఆలంకారికులు సందేహం అని పేరు పెట్టిన ధోరణి.

దేహంలో గుర్తులు చూడండి. ఎరుపెక్కిన కడకన్నులు: ప్రాణేశ్వరుడి మీద నాటిన చూపులను పెరికినప్పుడు అంటిన నెత్తురు కాదు కదా. పయ్యెద వెలుపలికి వస్తున్న మెరుగులు: ప్రియుడు ఒత్తిన నఖశశిరేఖలు కాసిన వేసవి వెన్నెల కాదు కదా. చెక్కుల మీద ముత్యాల జల్లు: సురతపు చెమట కాదు కదా. అన్నీ కలయిక జరిగిన తర్వాతి గుర్తులు. ఆళ్వారు దగ్గర దేహం లేమిని చూపిస్తే ఇక్కడ దేహం దొరికినదాన్ని దాచలేకపోతోంది.

అలాగని ఈ పాటలో విరహం లేదనకండి, పల్లవిని మళ్లీ చదవండి. పెదవి మీది కస్తూరి విభుడికి రాసిన ఉత్తరం. ఎదురుగా ఉన్నవాడికి ఎవరూ ఉత్తరం రాయరు. కలయిక గుర్తు చెప్పిన ప్రతి చరణం తర్వాతా పాట తిరిగి ఆ పల్లవికే వస్తుంది, అంటే తిరిగి ఆ ఉత్తరం దగ్గరికే. ఆళ్వారు అంతాది ముందుకు నడిపిస్తూ ఎడబాటులోంచి కలయికకు చేర్చింది. అన్నమయ్య పల్లవి వెనక్కి లాగుతూ కలయికలోంచి మళ్లీ ఎడబాటుకు తెస్తోంది. ఈ రెండు వాక్యాల్లో పేర్లు తారుమారు చేస్తే రెండూ అబద్ధమవుతాయి. మీకు కావలసింది ఇలాంటి వాక్యాలే.

పేరు గడి ఇంకా మిగిలింది. అన్నమయ్య పాటలో నాయకుణ్ని పల్లవి 'విభుడు' అంది, మొదటి చరణం 'ప్రాణేశ్వరుడు', రెండోది 'ప్రియుడు'. ఇక్కడిదాకా ఇది ఏ రాజు అంతఃపురంలోనైనా పాడుకోదగ్గ పాటే. మూడో చరణంలో 'గద్దరి తిరువేంకటపతి' అని ముద్ర పడ్డాకే ఇదంతా ఎవరి గురించో తేలుతుంది, వెనక్కి వెళ్లి మొత్తం పాటను మళ్లీ వినాల్సి వస్తుంది. సంకీర్తనలో ముద్ర సాధారణంగా చివరి చరణంలోనే ఉంటుంది కాబట్టి ఈ జాప్యం ఈ ఒక్క పాట ప్రత్యేకత కాకపోవచ్చు. మీ పన్నెండు పాటల్లోనూ ముద్రకు ముందు నాయకుణ్ని ఏమని పిలిచాడో రాసుకుంటే తెలుస్తుంది. ఎన్నింటిలో ముందే దేవుడని తెలిసిపోతోంది, ఎన్నింటిలో చివరిదాకా దాచాడు? ఆ అంకె మీ పత్రంలో అచ్చంగా మీరు కనిపెట్టిన సంగతి అవుతుంది.

ఆళ్వారు పేరు దాచకపోవడం కూడా మామూలు విషయం కాదు. పాత తమిళ ప్రేమ కవిత్వంలో, అంటే అగం కవిత్వంలో, నాయికా నాయకులకు సొంత పేర్లు పెట్టకూడదని తొల్కాప్పియం నియమం. తల్లి, చెలికత్తె, నాయిక అన్న మూడు గొంతులనూ ఆళ్వారు ఆ కవిత్వంలోంచే తీసుకున్నాడు, నియమాన్ని మాత్రం పక్కకు నెట్టి నాయకుడికి పేరు, ఊరు పెట్టాడు. అగం తెలిసిన శ్రోతకు 'తిరువరంగత్తాయ్' అన్న పిలుపు ఉలిక్కిపడేలా చేస్తుంది. మనకు అది మామూలు సంబోధనలా వినిపిస్తుంది. ఈ సంగతి తెలియకపోతే పేరు గడి నింపినా దాని బరువు పట్టుకోలేరు.

ఇంతవరకూ వచ్చాక ఒక ఆశ పుడుతుంది: అన్నమయ్య చెలికత్తెను ఆళ్వారు నుంచే తెచ్చుకున్నాడు అని రాసేయాలని. తొందరపడకండి. సంబంధానికి ఆధారం ఉన్నమాట నిజం. ఆయన మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్రము, అన్నమయ్య అహోబిలంలో ఆదివన్ శఠకోపయతి దగ్గర వేదాంతం చదివాడని చెబుతుంది. అది తాతగారి మీద భక్తితో రాసిన చరిత్ర అన్నది గుర్తు పెట్టుకుని వాడుకోవాలి. కానీ చెలికత్తె రావడానికి ఇంకో దారి కూడా ఉంది. 12వ శతాబ్దపు జయదేవుడి గీతగోవిందంలో రాధకూ కృష్ణుడికీ మధ్య తిరిగే సఖి ఉంది. సంస్కృత కావ్యాల నిండా నఖక్షతాలు, కస్తూరి, సురతస్వేదం ఉన్నాయి. 'ఏమొకో' పాటలో గుర్తులన్నీ ఈ సరుకే. ఈ ఒక్క పాట ఆధారంగా ఆళ్వారు అప్పు నిరూపించలేరు.

మరి దేనితో నిరూపించవచ్చు? సంస్కృత కావ్యంలో దొరకని, తమిళానికే సొంతమైన అంశంతో. అలాంటిది 4.6లో ఉంది. అగం కవిత్వంలో కూతురు ప్రేమలో పడి చిక్కిపోతే తల్లులు అది దయ్యం పట్టిందనుకుని, మురుగన్ పూజారి వేలన్‌ను పిలిచి పూనకపు ఆట ఆడిస్తారు. ఆళ్వారు దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుని చెలికత్తె నోట అడ్డం చెప్పిస్తాడు: అమ్మల్లారా, కల్లూ మాంసమూ చల్లకండి, ఇది భారతయుద్ధంలో తేరు తోలినవాడి వల్ల వచ్చిన జబ్బు, ఆయన భక్తుల పాదధూళి పూయండి, వేరే మందు లేదు. ఇలాంటి పూనకపు ఘట్టం గానీ, ఆళ్వారు తల్లిలా దేవుణ్ని నిలదీసే తల్లి గానీ మీ పన్నెండు పాటల్లో తగిలితే ఆళ్వారు వైపు త్రాసు మొగ్గుతుంది. చెలులు, ప్రణయకలహాలు, గోటి గుర్తులు మాత్రమే ఉంటే మొగ్గదు. మొగ్గకపోయినా పత్రం చెడిపోదు: రెండు సంప్రదాయాలూ నాయికను పక్కనుంచి చూసే గొంతును వాడుకున్నాయి, వాడుకున్న తీరు ఇదీ అని చూపిస్తే చాలు. అప్పుడు మొదటి పేజీలోనే మీది ప్రభావాన్ని నిరూపించే పోలిక కాదు, నిర్మాణాల పోలిక అని రాసేయండి. రెండింటినీ కలిపేసి రాస్తేనే పరీక్షకులు పట్టుకుంటారు.

వ్యాఖ్యానాలు రెండో వారానికి ఆపమన్నది ఎందుకంటే, వాటి పట్టు చాలా గట్టిది. తిరువాయ్మొళి మీద వచ్చిన శ్రీవైష్ణవ గ్రంథం ఆచార్య హృదయంలో 'జ్ఞానత్తిల్ తం పేచ్చు, ప్రేమత్తిల్ పెణ్ పేచ్చు' అని ఒక మాట ఉంది: జ్ఞానదశలో సొంత గొంతు, ప్రేమదశలో ఆడగొంతు అని. మూడు గొంతులకూ ఆ గ్రంథమే పాత్రలు పంచింది: చెలికత్తె అంటే భగవంతుడితో సంబంధం తెలియడం, తల్లి అంటే ఆయనే ఉపాయమన్న నిశ్చయం, కూతురు అంటే ఫలం కోసం ఆగలేని ఆత్రం. ఇది చాలా అందమైన సూత్రం. ముందే చదివితే మీ గడుల్లోకి ఇదే దూరిపోతుంది. ఏ చెలికత్తెను చూసినా సంబంధజ్ఞానమే కనిపిస్తుంది. పైగా అది నమ్మాళ్వార్ తర్వాత కొన్ని శతాబ్దాలకు వచ్చినది. దాన్ని '9వ శతాబ్దపు కవి ఉద్దేశం' అని ఉదహరిస్తే తప్పు, 'శ్రీవైష్ణవులు ఈ గొంతులను ఇలా విన్నారు' అని ఉదహరిస్తే ఒప్పు. అన్నమయ్య దగ్గరికి వచ్చేసరికి దాని విలువ మారుతుంది. ఆయన ఆ వ్యాఖ్యానాల తర్వాతివాడు, శ్రీవైష్ణవం చదువుకున్నవాడు. అందుకని ఒక పరీక్ష పెట్టవచ్చు: ఆయన చెలికత్తె నాయికకు సంబంధం గుర్తు చేస్తోందా, ఊరికే వేళాకోళం ఆడుతోందా? 'ఏమొకో' పాటలో నాకు కనిపించేది వేళాకోళమే. మీ పన్నెండింటిలో వేరే రకం తగిలితే ఆ పాటకు ఎక్కువ చోటివ్వండి.

స్పెయిన్ కవికి ఒక్క పేజీ ఎందుకు ఇవ్వమన్నానంటే, పేరు గడి కోసమే. సంత్ జాన్ (1542–1591) 'చీకటి రాత్రి' పద్యంలో ఎనిమిది చరణాలున్నాయి. చీకట్లో ఇల్లు దాటి ప్రియుడి దగ్గరికి వెళ్లిన స్త్రీ తానే చెప్పుకుంటుంది. పద్యంలో దేవుడి పేరు ఎక్కడా రాదు, అన్నమయ్య ముద్రలాగా చివర్లో కూడా రాదు. అది దైవప్రేమ అని చెప్పేది కవి తానే రాసుకున్న వచన వ్యాఖ్యానం. అదీ మొదటి రెండు చరణాలు పూర్తిచేసి మూడోదానిలో అడుగుపెట్టగానే ఆగిపోతుంది. మొదటే పేరు పెట్టి పిలిచిన ఆళ్వారు, చివర్లో ముద్రతో తెర తీసిన అన్నమయ్య, పద్యంలో అసలే చెప్పని సంత్ జాన్. ఈయనకూ మనవాళ్లకూ చారిత్రక సంబంధం ఏమీ లేదు కాబట్టి ఈ పేజీలో ప్రభావం అన్న మాటే రాకూడదు. ఆయన స్పానిష్ పాఠం మీకు రాదు గనక పదాల మీద వ్యాఖ్య చేయకండి, పేరు ఎక్కడ వచ్చింది, ఎక్కడ రాలేదు అన్నదే చెప్పండి. దానికి అనువాదం సరిపోతుంది.

పాత తమిళం విషయంలో ఇంటి తమిళాన్ని మరీ నమ్ముకోవద్దు. మూడు దశకాలంటే సుమారు 33 పాశురాలు. తమిళ పాఠాన్ని తెలుగు లిపిలో రాసుకుని, ప్రతి మాట కింద తెలుగు అర్థం, క్రియ ఏ పురుషలో ఉందో రాయండి. రోజుకు రెండు పాశురాలు చేసినా మూడు వారాల లోపే పూర్తవుతాయి. ఇంగ్లీషు అనువాదాలు పక్కన పెట్టుకోండి గానీ వాటి కొటేషన్ గుర్తులను నమ్మకండి. మూలంలో కూతురి మాట ముగిసిందని చెప్పేది 'ఎన్నుం' అన్న క్రియ. గుర్తులు పెట్టింది అనువాదకుడు. తల్లి మాట ఎక్కడ ఆగి కూతురి మాట ఎక్కడ మొదలైందో ఆ క్రియను బట్టి మీరే గీత గీసుకోండి, మీ వాదమంతా ఆ గీత మీదే ఉంది. తిరుమలలో, గోవిందరాజస్వామి గుడిలో ప్రబంధం పారాయణ చేసేవారిని అడిగితే ఉచ్చారణ, పదవిభాగం సరిచూసుకోవచ్చు. అర్థం అడిగితే వాళ్లు వ్యాఖ్యాన సంప్రదాయం ప్రకారం చెబుతారు, అది సహజం. దాన్ని వ్యాఖ్యానం ఖాతాలోనే రాసుకోండి. వ్యాకరణం దగ్గర చిక్కుపడితే మన జిల్లాల్లోనే, కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. యూనివర్సిటీలో ప్రాచ్య పరిశోధన సంస్థ గ్రంథాలయం మీకు నడిచే దూరమే.

పేజీల పంపకం దాదాపు ఇలా ఉండనివ్వండి: రెండు సంప్రదాయాల మధ్య సంబంధానికి రెండు పేజీలు, ఏడు గడుల పద్ధతికి రెండు, 7.2కు నాలుగు, మిగతా రెండు దశకాలకు మూడు, 'ఏమొకో' పాటకు మూడు, పన్నెండు పాటల పట్టికకూ చర్చకూ నాలుగు, సంత్ జాన్‌కు ఒకటి. మిగిలిన ఒక్క పేజీ ముగింపుకు. ఉదహరించేటప్పుడు తిరువాయ్మొళికి పది, దశకం, పాశురం అంకెలు (7.2.10 లాగా), అన్నమయ్యకు సంపుటం, రేకు, పాట సంఖ్య ఇవ్వండి. ఇంటర్నెట్‌లో దొరికే సాహిత్యంలో రేకు సంఖ్య లేకపోతే ఆ పాటను సంపుటంలో వెతికి పట్టుకునేదాకా పత్రంలోకి రానివ్వకండి.